‘బెడ్ సోర్లు తగ్గాయి’ అని రాసే ముందు

“మా వార్డులో తీసుకున్న చర్యల వల్ల బెడ్ సోర్లు గణనీయంగా తగ్గాయి.” నర్సింగ్ సదస్సులకు పోస్టర్ల కోసం పంపే అబ్‌స్ట్రాక్టుల్లో ఈ వాక్యం ఏదో ఒక రూపంలో తరచూ కనిపిస్తుంది. రాసినవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. రాత్రిళ్లు మేలుకుని, రోగుల్ని పక్కకి తిప్పి, మడమల కింద దిండ్లు సర్ది నిజంగానే పుండ్లు తగ్గించి ఉంటారు. కానీ ఈ వాక్యం చదివిన మరో ఊరి హెడ్ నర్సుకి ఏమీ తెలియదు. ఎన్ని ఉండేవి, ఎన్నయ్యాయి? ఎంతమంది రోగుల్లో? ఎవరు లెక్కపెట్టారు? ఏ చర్యలు? ఆవిడ తన వార్డులో సోమవారం నుంచి ఏం మొదలుపెట్టాలి?

అబ్‌స్ట్రాక్ట్ అంటే మొత్తం పనిని సాధారణంగా 250 నుంచి 300 మాటల్లో చెప్పే సంక్షిప్త రూపం. సదస్సు వాళ్లు పోస్టర్‌ని చూసి ఎంపిక చేయరు, ఈ మాటల్ని చూసే చేస్తారు. చాలాచోట్ల పరిశీలకులకు రాసినవారి పేరు, ఆసుపత్రి పేరు కనిపించకుండా పంపుతారు కాబట్టి, పెద్ద ఆసుపత్రి అన్న పేరు కూడా అక్కరకు రాదు. సదస్సు అయ్యాక పోస్టర్ చుట్టచుట్టి ఇంటికి వెళ్లిపోతుంది. సావనీర్‌లో మిగిలేది ఆ 300 మాటలే.

ఆ మాటలు ఎలా నిలబడతాయో చూడాలంటే ముందు పుండు సంగతి కొంచెం తెలియాలి. కదలలేని మనిషి ఒకే పక్కన పడుకుని ఉంటే, ఎముక చర్మానికి దగ్గరగా ఉన్నచోట్ల, అంటే నడుము కింద పిర్రలు విడిపోయే చోట, తుంటి దగ్గర, మడమల దగ్గర, ఎముకకీ పరుపుకీ మధ్య కండ నలుగుతుంది. సన్న రక్తనాళాలు మూసుకుపోతాయి. రక్తం అందని కండ చచ్చిపోతుంది. దీనికి ఒరిపిడి తోడవుతుంది. తలవైపు మంచాన్ని బాగా ఎత్తిపెడితే రోగి మెల్లగా కిందికి జారతాడు. చర్మం దుప్పటికి అంటుకుని అక్కడే ఉంటుంది, లోపలి ఎముక జారిపోతుంది, మధ్యలో ఉన్న కండ సాగి చిరుగుతుంది. మూత్రం, చెమటల తడి చర్మాన్ని మెత్తబరిచి ఈ పనిని ఇంకా సులువు చేస్తుంది. పైకి చిన్న మచ్చలా కనిపించేది లోపల పెద్ద గుంతగా ఉండటానికి కారణం ఇదే. అమెరికాలో ఈ విషయంపై పనిచేసే జాతీయ సలహా సంఘం 2016లో ‘ప్రెజర్ అల్సర్’ అన్న పేరుని ‘ప్రెజర్ ఇంజురీ’గా మార్చింది. చర్మం ఇంకా చిట్లని దశ కూడా గాయమే కాబట్టి ఆ మార్పు చేశారు. సదస్సులకి రాసేటప్పుడు ఇప్పుడు ఈ పేరే వాడతారు. వార్డులో మాత్రం అది బెడ్ సోరే.

చర్మం చిట్లని ఆ మొదటి దశ దగ్గరే మన లెక్కలన్నీ తడబడతాయి. ఒత్తిడి పడినచోట చర్మం ఎర్రబడుతుంది, వేలితో నొక్కి వదిలితే తెల్లబడదు. పుస్తకాల్లో మొదటి దశ వర్ణన ఇది, తెల్లటి చర్మం మీద బాగానే కనిపిస్తుంది. మన రోగుల్లో చాలామందిది చామనఛాయ లేదా నల్లటి ఒళ్లు. ఆ చర్మం మీద ఎరుపు కనపడదు. చుట్టుపక్కల చర్మంతో పోలిస్తే ఆ చోటు కొంచెం ముదురుగానో, ఊదాగానో ఉంటుంది. అందుకని చేత్తో తాకి చూడాలి. పక్క చర్మం కన్నా వేడిగా ఉందా, చల్లగా ఉందా, గట్టిపడిందా, మెత్తగా పిండిలా ఉందా, తాకితే రోగి ముఖం చిట్లిస్తున్నాడా అని గమనించాలి. ఇలా చూడటం నేర్పని వార్డులో మొదటి దశ పుండు రికార్డుల్లోకి ఎక్కదు. నేర్పగానే ఎక్కడం మొదలుపెడుతుంది. అంటే మంచి ప్రాజెక్టు మొదలైన వెంటనే కాగితం మీద పుండ్లు పెరిగినట్టు కనిపించవచ్చు. అబ్‌స్ట్రాక్ట్ రాసేవాళ్లు ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకోకపోతే తమ విజయాన్ని తామే తప్పుగా చదువుకుంటారు.

ఒక వార్డుని ఊహించుకుని ఈ పనంతా చేసి చూద్దాం. ఇందులో అంకెలు లెక్క తెలియడానికి నేను వేసుకున్నవి, ఏ ఆసుపత్రివీ కావు. పరిస్థితి మాత్రం మన జిల్లా బోధనాసుపత్రులు తెలిసిన ఎవరికైనా పరిచయమే. ముప్ఫై పడకల న్యూరో వార్డు. ఎక్కువమంది పక్షవాతం వచ్చినవాళ్లు. రాత్రి డ్యూటీలో నర్సులు తక్కువ, ప్రతి మంచం పక్కనా ఇంటి మనిషి ఒకరు చాప మీద. మార్చి నెలలో పుండ్లు బాగా కనిపించి, ఏప్రిల్ ఒకటి నుంచి వార్డు హెడ్ నర్సు, ఆవిడ సహచరులు ఒక పద్ధతి మొదలుపెట్టారు.

వాళ్లు చేసినవి నాలుగు పనులు. రోగి చేరిన ఎనిమిది గంటల్లోపు బ్రేడెన్ స్కోరు వేయడం మొదటిది. బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ అనే అమెరికన్ నర్సు పరిశోధకులు రూపొందించిన ఈ కొలమానం 1987 నుంచి వాడుకలో ఉంది. స్పర్శ తెలియడం, తడి, లేచి తిరగడం, మంచంలో కదలడం, తిండి, ఒరిపిడి అనే ఆరు అంశాలకి మార్కులు వేస్తారు. మొత్తం 6 నుంచి 23 దాకా ఉంటుంది. తక్కువ వస్తే ప్రమాదం ఎక్కువ. 18 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే జాగ్రత్త పడాలి. అలా 18 లోపు వచ్చిన ప్రతి రోగినీ రెండు గంటలకోసారి పక్క మార్చడం రెండో పని. ఇందులో ఇంటి మనిషి భాగస్వామి. “అమ్మా, పది గంటలకి నాన్నగారిని ఎడమ పక్కకి తిప్పాలి. ఒక్కరే లాగొద్దు, నన్ను పిలవండి, ఇద్దరం కలిసి దుప్పటితో ఎత్తి తిప్పుదాం” అని సిస్టర్ చేసి చూపిస్తారు. మూడోది, డ్యూటీ మారే ప్రతిసారీ వెళ్లే నర్సు, వచ్చే నర్సు కలిసి రోగి వీపు, తుంటి, మడమలు తాకి చూడటం. నాలుగోది, స్కోరు 12 లోపు ఉన్నవాళ్లకి ఎయిర్ బెడ్ ఇవ్వడం, మడమలు పరుపుని తాకకుండా పిక్కల కింద దిండు పెట్టడం. పాత అలవాటైన స్పిరిట్ రుద్దడం, కందిన చోట మర్దనా చేయడం మానేశారు. నలిగిన కండని మళ్లీ నలిపితే గాయం పెరుగుతుంది.

ఇక లెక్క. జనవరిలో కొత్త పుండ్లు వచ్చిన రోగులు ముగ్గురు, ఫిబ్రవరిలో నలుగురు, మార్చిలో ఏడుగురు. మూడు నెలల్లో పద్నాలుగు మంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా నెల వరసన ఐదు, మూడు, రెండు, ఒకటి, ఒకటి, ఒకటి. ఆరు నెలల్లో పదమూడు మంది.

ఈ అంకెల్ని చేతిలో పెట్టుకుని రెండు రకాలుగా తప్పుదారి పట్టవచ్చు. పద్నాలుగు, పదమూడు అని పక్కపక్కన రాస్తే ప్రాజెక్టు విఫలమైనట్టు కనిపిస్తుంది. ఒకటి మూడు నెలలది, ఇంకోటి ఆరు నెలలది అన్నది మాటల్లో కొట్టుకుపోతుంది. రెండో దారి ఇంకా ఆకర్షణీయమైనది. మార్చిలో ఏడు, సెప్టెంబర్‌లో ఒకటి, కాబట్టి 86 శాతం తగ్గుదల. కూడికలు తీసివేతలు సరిగ్గానే ఉన్నాయి. అయినా ఈ వాక్యం చదివేవాళ్లని మోసం చేస్తుంది. అన్నిటికన్నా చెడ్డ నెలని తీసుకొచ్చి అన్నిటికన్నా మంచి నెల పక్కన నిలబెట్టాం. ఏడు అనేది ఎలాగూ మర్నాటి నెలలో కొంత తగ్గి ఉండేది, ఎందుకంటే చెడ్డ నెలలు సాధారణంగా వరసగా రావు. పైగా, మార్చి చెడ్డగా ఉందనే కదా ప్రాజెక్టు మొదలుపెట్టింది.

సరైన దారి పేషెంట్ డేస్‌తో భాగించడం. రాత్రి పన్నెండు గంటల సెన్సస్‌లో వార్డులో ఎంతమంది ఉన్నారో రోజూ రిజిస్టర్‌లో రాస్తారు. ఆ అంకెల్ని కూడితే పేషెంట్ డేస్ వస్తాయి. ముప్ఫై మంది ఒక్క రోజు ఉన్నా, ఒక్కరే ముప్ఫై రోజులు ఉన్నా ముప్ఫై పేషెంట్ డేసే. ప్రతి పడుకున్న రోజూ పుండుకి ఒక అవకాశం కాబట్టి ఇదే న్యాయమైన కొలత. మన దేశంలో ఆసుపత్రులకు గుర్తింపు ఇచ్చే ఎన్ఏబీహెచ్ కూడా, చేరాక పుండు వచ్చిన రోగుల సంఖ్యని వెయ్యి పేషెంట్ డేస్‌కి లెక్కగట్టమంటుంది. మన వార్డులో మొదటి మూడు నెలలు 2,300 పేషెంట్ డేస్, తర్వాతి ఆరు నెలలు 4,700. పద్నాలుగుని 2,300తో భాగించి వెయ్యితో గుణిస్తే 6.1. పదమూడుని 4,700తో భాగిస్తే 2.8. ఇప్పుడు విషయం కనిపించింది. మార్చి గురించి అనుమానం ఉన్నవాళ్ల కోసం ఆ నెల తీసేసి కూడా చూడవచ్చు. జనవరి, ఫిబ్రవరి కలిపి 1,500 పేషెంట్ డేస్‌కి ఏడుగురు, అంటే 4.7. తగ్గుదల చిన్నదైంది గానీ పోలేదు. ఈ రెండో లెక్కని నేనైతే అబ్‌స్ట్రాక్ట్‌లోనే ఒక్క వాక్యంలో పెడతాను. పరిశీలకుడు అడగబోయే ప్రశ్నకి ముందే జవాబు దొరికితే మిగతా అంకెల మీద కూడా నమ్మకం కుదురుతుంది.

ఇప్పుడు ఇందాకటి మొదటి దశ సంగతికి వద్దాం. ముందు మూడు నెలల పద్నాలుగు మందిలో మొదటి దశ ఇద్దరే, పన్నెండు మందికి చర్మం చిట్లింది లేదా ఇంకా లోతుకి వెళ్లింది. తర్వాతి ఆరు నెలల పదమూడు మందిలో మొదటి దశ ఎనిమిది మంది, చిట్లినవాళ్లు ఐదుగురే. విడివిడిగా లెక్కగడితే, రెండో దశ, ఆపైవి 5.2 నుంచి 1.1కి పడిపోయాయి. మొదటి దశ మాత్రం 0.9 నుంచి 1.7కి పెరిగింది! ఈ పెరుగుదలని దాచాలనిపిస్తుంది. దాచకూడదు, ఎందుకంటే ఈ ప్రాజెక్టులో అన్నిటికన్నా విలువైన సమాచారం అదే. తాకి చూడటం నేర్చుకున్న నర్సులు పుండుని చర్మం చిట్లకముందే పట్టుకున్నారు, పట్టుకున్నవాటిని ముదరనివ్వలేదు. మొత్తం అంకె ఒక్కటే రాసి ఉంటే ఈ కథ పాఠకుడికి తెలిసేదే కాదు.

అయితే ఇక్కడే ఒక లోటు కూడా ఒప్పుకోవాలి. జనవరి నుంచి మార్చి దాకా అంకెలు పాత కేస్ షీట్లు తిరగేసి తీసినవి. అప్పుడు ఎవరూ తాకి చూడలేదు, చిట్లాకే రాశారు. ముందు ఒక కళ్లద్దాలతో, తర్వాత ఇంకో కళ్లద్దాలతో చూసిన లెక్క ఇది. అందుకే మొదటి దశని పోల్చడం సాధ్యం కాదని, చిట్లిన పుండ్ల పోలికనే నమ్మవచ్చని అబ్‌స్ట్రాక్ట్ స్పష్టంగా చెప్పాలి. ఇంకా మొదలుపెట్టని వార్డులవాళ్లు ఉంటే, పద్ధతి మార్చకముందే కనీసం కొన్ని వారాలు తాకి చూసి లెక్క రాసుకుంటే ఈ చిక్కు తప్పుతుంది.

ఎవరి పుండు ఎవరి ఖాతాలో పడాలన్నది కూడా ముందే తేల్చుకోవలసిన విషయం. పక్షవాతం వచ్చి ఇంట్లో పది రోజులు మంచాన పడి, ఆ తర్వాత ఆసుపత్రికి వచ్చే మనిషి వీపు మీద పుండుతోనే వస్తాడు. చేరినప్పుడు ఒళ్లంతా తిప్పి చూసి రాయకపోతే మూడో రోజు కనిపించిన పుండు వార్డు తప్పవుతుంది. లోతు కండలో మొదలైన గాయం పైకి ఊదా మచ్చగా తేలడానికి రెండు మూడు రోజులు పట్టవచ్చు కూడా. పూర్తిగా న్యాయమైన నియమం ఏదీ లేదు. మన వార్డు వాళ్లు, చేరినప్పటి పరీక్షలో లేకుండా 24 గంటల తర్వాత కనిపించినదాన్ని తమదిగానే లెక్కేశారు. ఒక రోగికి రెండు చోట్ల పుండు ఉన్నా ఒక్క రోగిగానే రాశారు. ఈ రెండు నియమాలకి అబ్‌స్ట్రాక్ట్‌లో ఇరవై మాటలు చాలు. అవి లేకపోతే 2.8 అన్న అంకెకి అర్థం లేదు.

పుండ్లు తగ్గాయి సరే, పద్ధతి నిజంగా నడిచిందని ఏమిటి సాక్ష్యం? పక్క మార్చిన చార్టులు నిండాయని చాలామంది రాస్తారు. రాత్రి రెండు, నాలుగు, ఆరు గంటల గడులన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో నిండి ఉన్న చార్టుల్ని వార్డులో పనిచేసినవాళ్లందరూ చూసే ఉంటారు. అందుకని మన వార్డు హెడ్ నర్సు ఇంకో పని చేశారు. చెప్పకుండా ఏదో ఒక వేళకి వెళ్లి, చార్టులో ఎడమ పక్క అని ఉంటే రోగి నిజంగా ఎడమ పక్క మీద ఉన్నాడా లేదా చూసి రాశారు. మొదటి నెలలో ఇలా చూసిన 120 సార్లలో 45 సార్లు చార్టు, రోగి ఒకటే చెప్పారు. ఆరో నెలలో 120కి 98 సార్లు. 38 శాతం నుంచి 82 శాతం. పుండ్ల లెక్క ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం. పద్ధతి నడవకుండానే పుండ్లు తగ్గి ఉంటే, కారణం ఇంకెక్కడో ఉందన్నమాట. బహుశా ఆ నెలల్లో తీవ్రమైన రోగులు తక్కువ వచ్చి ఉంటారు.

ఇంత సామగ్రి చేతిలో ఉన్నాక రాయడం కష్టం కాదు, కుదించడం కష్టం. మొదటి చిత్తుప్రతిలో సగం జాగాని నేపథ్యమే మింగేస్తుంది. ‘ప్రెజర్ ఇంజురీలు ప్రపంచవ్యాప్త సమస్య’ అని మొదలై, ఎవరికీ అక్కర్లేని నాలుగు వాక్యాలు నడుస్తాయి. సదస్సుకి వచ్చేవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. నేపథ్యం అంటే మన వార్డు నేపథ్యం. ఎలాంటి వార్డు, ఏం జరుగుతోంది, ఎందుకు ఇప్పుడు కదిలాం. ఆసుపత్రుల్లో సేవలు మెరుగుపరిచే పనుల గురించి ఎలా రాయాలో చెప్పే స్క్వైర్ 2.0 మార్గదర్శకాలు 2015లో వచ్చాయి. వాటి వెనక ఉన్నవి నాలుగే ప్రశ్నలు: ఎందుకు మొదలుపెట్టారు, ఏం చేశారు, ఏం తేలింది, దానర్థం ఏమిటి. అబ్‌స్ట్రాక్ట్‌లో ప్రతి వాక్యమూ ఈ నాలుగింటిలో ఒకదానికి జవాబు కావాలి. కాకపోతే తీసేయవచ్చు.

రెండో పెద్ద లోపం ‘ఫలితాలు సదస్సులో వివరిస్తాం’ అనడం. గడువు తేదీకి లెక్క తేలనివాళ్లు ఇలా రాస్తారు. పరిశీలకుడు ఎంపిక చేయాల్సింది ఫలితాన్ని చూసే కాబట్టి అది లేని అబ్‌స్ట్రాక్ట్ సాధారణంగా అక్కడే ఆగిపోతుంది. గడువుకి నాలుగు నెలల అంకెలే ఉంటే ఆ నాలుగు నెలలే రాయడం మేలు.

మూడోది ‘వల్ల’ అన్న మాట. మన వార్డులో పద్ధతి మొదలైంది, పుండ్లు తగ్గాయి. పద్ధతి వల్లే తగ్గాయని చెప్పడానికి పోల్చడానికి ఇంకో వార్డు లేదు. ఏప్రిల్‌లో కొత్త పరుపులు వచ్చి ఉండవచ్చు, సిబ్బంది పెరిగి ఉండవచ్చు. అలాంటివి జరిగితే రాయాలి. ఏమీ జరగకపోయినా ‘పద్ధతి మొదలయ్యాక తగ్గాయి’ అంటే చాలు, ‘పద్ధతి ప్రభావవంతమని రుజువైంది’ అనకూడదు. శీర్షికలో కూడా ఇదే జాగ్రత్త. ‘ప్రభావంపై అధ్యయనం’ అని పెడితే అది ప్రయోగం అనుకుంటారు.

సదస్సుకి ఇంగ్లీషులోనే పంపాలి గానీ, ఆలోచన ఏ భాషలోనైనా ఒకటే కాబట్టి ఆ వార్డు అబ్‌స్ట్రాక్ట్ తెలుగులో ఎలా ఉంటుందో రాసి చూపిస్తాను.

శీర్షిక: న్యూరో వార్డులో ఇంటి మనుషుల సాయంతో పక్క మార్చడం, ప్రతి షిఫ్టులో చర్మం తాకి చూడటం: తొమ్మిది నెలల ప్రెజర్ ఇంజురీల లెక్క.

నేపథ్యం: మా 30 పడకల న్యూరో వార్డులో ఎక్కువమంది పక్షవాతం రోగులు. రాత్రి షిఫ్టులో నర్సుల సంఖ్య తక్కువ, ప్రతి రోగి వెంటా ఇంటి మనిషి ఉంటారు. జనవరి–మార్చిలో 14 మందికి వార్డులో చేరాక ప్రెజర్ ఇంజురీ వచ్చింది.

లక్ష్యం: ఈ రేటుని ఆరు నెలల్లో వెయ్యి పేషెంట్ డేస్‌కి 6.1 నుంచి 3కి తగ్గించడం.

పద్ధతి: ఏప్రిల్ 1 నుంచి, చేరిన 8 గంటల్లో బ్రేడెన్ స్కోరు వేశాం. 18 లేదా తక్కువ ఉంటే, శిక్షణ ఇచ్చిన ఇంటి మనిషి సాయంతో 2 గంటలకోసారి పక్క మార్చాం. షిఫ్టు మారేటప్పుడు ఇద్దరు నర్సులు కలిసి చర్మం తాకి చూశారు. 12 లేదా తక్కువ ఉన్నవారికి ఎయిర్ బెడ్, మడమలకి దిండు ఇచ్చాం. చేరినప్పుడు లేకుండా 24 గంటల తర్వాత కనిపించిన గాయాన్నే లెక్కించాం, ఒక రోగిని ఒక్కసారే. చెప్పకుండా వెళ్లి చార్టుని రోగి పడుకున్న తీరుతో పోల్చాం.

ఫలితాలు: ముందు 2,300 పేషెంట్ డేస్‌లో 14 మంది (6.1), తర్వాత 4,700లో 13 మంది (2.8). రెండో దశ, ఆపైవి 12 (5.2) నుంచి 5కి (1.1) తగ్గాయి, మొదటి దశ 2 (0.9) నుంచి 8కి (1.7) పెరిగింది. మార్చిని మినహాయిస్తే ముందు రేటు 4.7. చార్టు, రోగి సరిపోలినవి మొదటి నెల 120కి 45, ఆరో నెల 120కి 98.

ముగింపు: పద్ధతి మొదలయ్యాక చర్మం చిట్లిన గాయాలు తగ్గాయి. మొదటి దశ పెరుగుదలకి తాకి చూడటం కారణం కావచ్చు. ముందు అంకెలు కేస్ షీట్ల నుంచి తీసినవి కావడం, పోల్చడానికి మరో వార్డు లేకపోవడం పరిమితులు. ఇంటి మనిషి అందుబాటులో ఉండే వార్డుల్లో దీన్ని ప్రయత్నించవచ్చు.

ఆ చివరి వాక్యాన్ని గమనించండి. ఇంటి మనుషుల్ని వార్డులోకి రానివ్వని ఐసీయూకి ఈ పద్ధతి ఉన్నదున్నట్టు పనికిరాదని అది చెబుతోంది. మన వార్డుల్లో రాత్రిళ్లు రోగిని తిప్పే చేతుల్లో సగం ఆ ఇంటివాళ్లవే. చాలా అబ్‌స్ట్రాక్టుల్లో వాళ్ల ఊసే ఉండదు, ‘నర్సులు రెండు గంటలకోసారి పక్క మార్చారు’ అని రాసేస్తారు. అది చదివి అదే సిబ్బందితో, ఇంటివాళ్లు లేకుండా ప్రయత్నించిన వార్డు ఓడిపోయి తమనే తప్పుపట్టుకుంటుంది. అందుకే ‘ఇంటి మనిషి’ అన్న రెండు మాటలు శీర్షికలో కూడా ఉండాలని నేను పట్టుబడతాను.

పంపే ముందు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఇలాంటి పనికి ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలో, మినహాయింపు ఇస్తారో మొదలుపెట్టకముందే రాతపూర్వకంగా అడిగి ఉంచుకోవాలి, పని అయ్యాక అడిగితే ఇబ్బంది. పోస్టర్ మీద పుండు ఫొటో పెట్టాలంటే రోగి గానీ, ఆయన తరఫున ఇంటివాళ్లు గానీ సంతకం చేయాలి. ముఖం కనపడకపోయినా ఈ నియమం మారదు. రచయితల జాబితాలో అంకెలు రాసిన రాత్రి షిఫ్టు నర్సుల పేర్లు ఉన్నాయో లేదో చూడాలి. ఇక ప్రతి భాగహారాన్నీ రాయని మనిషి ఒకరు కూర్చుని మళ్లీ చేయాలి. 14 అని ఒకచోట, 15 అని ఇంకోచోట ఉన్న అబ్‌స్ట్రాక్టులు ఎంపికలో పోతాయి.

చివరికి మిగిలేది సమయం ఎడం. సెప్టెంబర్ అంకెలతో పంపిన అబ్‌స్ట్రాక్ట్ ఎంపికై, సదస్సు జనవరిలో అయితే, ఆ మధ్య నెలల సంగతి ఏమిటి? మన వార్డులో అక్టోబర్‌లో బదిలీల మీద నర్సుల్లో సగం మంది కొత్తవాళ్లు వచ్చారనుకోండి. రెండు ఎయిర్ బెడ్ల పంపులు చెడిపోయాయనుకోండి. 800 పేషెంట్ డేస్‌కి ముగ్గురికి పుండ్లు వచ్చాయి, రేటు 3.8. అచ్చయిన అబ్‌స్ట్రాక్ట్‌ని ఇప్పుడు మార్చలేం, మార్చనక్కర్లేదు కూడా, అందులో తేదీలు స్పష్టంగా ఉన్నాయి కాబట్టి. పోస్టర్ మీది గ్రాఫ్‌లో మాత్రం అక్టోబర్, నవంబర్, డిసెంబర్ చుక్కలు వేరే రంగులో పెట్టి, బదిలీలు జరిగిన తేదీ దగ్గర నిలువు గీత గీసి, పంపులు చెడిన సంగతి పక్కనే రాయాలి. పోస్టర్ ముందు ఆగిన నర్సులు ఎక్కువసేపు మాట్లాడేది ఆ మూడు చుక్కల గురించే. కొత్తవాళ్లకి తాకి చూడటం ఎన్ని రోజుల్లో నేర్పారు, పంపు చెడితే వేరే వార్డు నుంచి తెచ్చుకునే ఏర్పాటు ఉందా, కొత్త నర్సు వచ్చిన రోజునుంచి ఇంటివాళ్లకి ఎవరు చెబుతున్నారు అని అడుగుతారు. ఆ ప్రశ్నలకి జవాబులు రాసుకుని వెళ్లాలి.